మార్కెట్ రేటు తెలుసు, కొనడానికి డబ్బు లేదు: సెక్షన్ 73 వివరణను ఎలా చదవాలి?

లా ఆప్షనల్ తీసుకున్నవాళ్లలో ఎవరి నోట్సు తిరగేసినా కాంట్రాక్టు ఉల్లంఘనకు నష్టపరిహారం అనే చాప్టర్ దాదాపు ఒకేలా ఉంటుంది. 1854 నాటి హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసు, సాధారణ నష్టం, ప్రత్యేక నష్టం, సెక్షన్ 73, సెక్షన్ 74. అన్నీ అయ్యాక చివర్లో ఒక్క వాక్యం: నష్టపోయిన పక్షానికి తన నష్టాన్ని తగ్గించుకునే బాధ్యత ఉంది. నిజానికి కోర్టులో చేతికొచ్చే అంకె చాలాసార్లు తేలేది ఈ ఆఖరి వాక్యం దగ్గరే. ఈ వాక్యాన్ని మనం చట్టంలో లేని మాటలతో బట్టీ పడుతున్నామని నా అభిప్రాయం. ఆ తేడా వల్ల చేతిలో డబ్బు లేని చిన్న వ్యాపారి ఎలా నష్టపోతాడో ఒక లెక్కతో చూపిస్తాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 73 ప్రకారం ఉల్లంఘన వల్ల మామూలుగా, సహజంగా కలిగే నష్టానికి పరిహారం వస్తుంది. ఒప్పందం చేసుకునేటప్పుడే ఇలాంటి నష్టం రావచ్చని ఇద్దరికీ తెలిసి ఉంటే దానికీ వస్తుంది. దూరపు నష్టానికి, పరోక్ష నష్టానికి రాదు. ఆ సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. దాని సారాంశం ఇది: నష్టాన్ని అంచనా వేసేటప్పుడు, ఒప్పందం నెరవేరకపోవడం వల్ల కలిగిన ఇబ్బందిని సరిచేసుకోవడానికి అప్పటికి ఉన్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇందులో 'బాధ్యత' అనే మాట లేదు. నష్టం తగ్గించుకోనందుకు నష్టపోయినవాడి మీద ఎవరూ దావా వేయలేరు. అతను చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. కాకపోతే అలా కూర్చోవడం వల్ల పెరిగిన నష్టాన్ని అవతలివాడి ఖాతాలో వేయలేడు, అంతే. లాచియా సెట్టి అండ్ సన్స్ వర్సెస్ కాఫీ బోర్డు కేసులో (1980) సుప్రీంకోర్టు కూడా ఈ ధోరణిలోనే మాట్లాడింది. నష్టం తగ్గించుకోవాలనే సూత్రం ఒప్పందం తప్పినవాడికి ఏ హక్కునూ ఇవ్వదని, పరిహారం నిర్ణయించేటప్పుడు కోర్టు మనసులో ఉంచుకోవాల్సిన అంశమే అది అని తేల్చింది. ఒప్పందం తప్పినవాడు ఎదురుదాడికి వాడుకునే ఆయుధం కాదన్నమాట.

మరి 'బాధ్యత' అనే మాట ఎక్కడిది? ఇంగ్లండు తీర్పుల నుంచి వచ్చి మన తీర్పుల్లో స్థిరపడిపోయింది. మురళీధర్ చిరంజీలాల్ వర్సెస్ హరిశ్చంద్ర ద్వారకాదాస్ కేసులో (ఏఐఆర్ 1962 ఎస్‌సీ 366) జస్టిస్ వాంఛూ రెండు సూత్రాలను పక్కపక్కన పెట్టారు. ఒప్పందం నెరవేరి ఉంటే నష్టపోయినవాడు ఏ స్థితిలో ఉండేవాడో, డబ్బుతో వీలైనంత మేరకు ఆ స్థితికి తీసుకురావాలన్నది మొదటిది. దానికి హద్దు గీసేది రెండోది: సహేతుకమైన చర్యలన్నీ తీసుకుని నష్టాన్ని తగ్గించుకునే బాధ్యత అతనిది, తన నిర్లక్ష్యం వల్ల పెరిగిన భాగాన్ని అడగకూడదు. ఈ కేసుకు మళ్లీ వస్తాను. దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఒక లెక్క కావాలి.

నేను ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాడిని కాబట్టి అంకెలు వేసుకుంటే తప్ప నాకు సూత్రం ఎక్కదు. కింది ఉదాహరణలో మనుషులు, ధరలు అన్నీ కల్పితం.

విజయవాడలో కారం పొడి పట్టి అమ్ముకునే ఒక చిన్న మిల్లు ఉందనుకోండి. మిల్లు యజమాని గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న ఒక వ్యాపారితో జనవరి 10న ఒప్పందం చేసుకున్నాడు. తేజ రకం ఎండుమిర్చి 100 క్వింటాళ్లు, క్వింటాలు 15,000 రూపాయలు, సరుకు గుంటూరు కోల్డ్ స్టోరేజీ దగ్గర ఫిబ్రవరి 10న అప్పగించాలి. మొత్తం 15 లక్షలు. లక్షన్నర అడ్వాన్సు ఇచ్చాడు. మిగతా పదమూడున్నర లక్షలు సిద్ధం చేసుకున్నాడు. ఫిబ్రవరి 10 నాటికి యార్డులో తేజ ధర 17,500కు చేరింది. వ్యాపారి సరుకు ఇవ్వనన్నాడు. ధర తగ్గుతుందేమోనని మిల్లు యజమాని మూడు వారాలు ఎదురుచూశాడు. తగ్గలేదు. మార్చి 3న 21,000 పెట్టి కొన్నాడు.

అతని జేబులోంచి అదనంగా పోయింది క్వింటాలుకు 6,000, అంటే 6 లక్షలు. కోర్టు ఎంత ఇస్తుంది? క్వింటాలుకు 2,500 చొప్పున రెండున్నర లక్షలు. లక్షన్నర అడ్వాన్సు వేరుగా తిరిగొస్తుంది, అది పరిహారం కాదు. మిగిలిన మూడున్నర లక్షలు అతనే భరించాలి. సరుకు అందాల్సిన రోజున, అందాల్సిన చోట, అదే నాణ్యత ఉన్న సరుకు మార్కెట్లో ఎంతకు దొరికేదో ఆ ధరకూ, ఒప్పందపు ధరకూ ఉన్న తేడానే మామూలు కొలత. సెక్షన్ 73 కింద మొట్టమొదటి ఉదాహరణ ఇదే చెబుతుంది. అక్కడ సరుకు 50 మణుగుల సురేకారం, మన దగ్గర మిర్చి.

తేదీ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ రోజే అతను మార్కెట్‌కు వెళ్లి కొనుక్కోగలడని చట్టం అనుకుంటుంది. అంటే నష్టం తగ్గించుకోవడం అనేది విడిగా వచ్చే రెండో మెట్టు కాదు. అది కొలతలోనే ఇమిడి ఉంది. మార్కెట్ ఉన్న సరుకుల కేసుల్లో జడ్జి 'నువ్వు సహేతుకంగా ప్రవర్తించావా' అని విడిగా అడగాల్సిన అవసరం పెద్దగా రాకపోవడానికి కారణం ఇదే. ఆ రోజు తర్వాత ధర పెరిగినా తగ్గినా ఆ జూదం నష్టపోయినవాడిది. లాభం వస్తే కూడా అతనిదే. మన మిల్లు యజమాని ఆగిన మూడు వారాల్లో ధర 14,000కు పడిపోయి, హాయిగా తక్కువకు కొనుక్కున్నాడనుకోండి. అప్పుడు కూడా అతనికి రావాల్సింది రెండున్నర లక్షలే. 'ఇతనికి అసలు నష్టమే లేదు కదా' అని వ్యాపారి తప్పించుకోలేడు.

ఈ రెండో సగం చాలామందికి మింగుడుపడదు. దీనికి ఆధారం జమాల్ వర్సెస్ మూలా దావూద్ కేసు. రంగూన్ నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది, తీర్పు 1915లో వచ్చింది. అక్కడ తప్పింది కొనేవాడు. 1911 డిసెంబర్ 30న షేర్లు తీసుకుని డబ్బు కట్టాలి, కట్టలేదు. ఆ రోజుకు షేర్ల ధర ఒప్పందపు ధర కన్నా బాగా పడిపోయి ఉంది. అమ్మేవాడు వెంటనే అమ్మకుండా అట్టిపెట్టుకుని, మార్కెట్ కాస్త కోలుకున్నాక అమ్మాడు. నీకు అసలు పోయింది తక్కువే కాబట్టి అంతే ఇస్తానని కొనేవాడి వాదన. ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఉల్లంఘన రోజున ఉన్న తేడానే పరిహారం. ఆ తర్వాత షేర్లు అట్టిపెట్టుకోవడం అమ్మేవాడి సొంత నిర్ణయం. ధర ఇంకా పడి ఉంటే అదనపు నష్టాన్ని అడిగే వీలు అతనికి ఎలా ఉండేది కాదో, ధర పెరిగితే ఆ లాభాన్ని అవతలివాడికి పంచాల్సిన పని కూడా అలాగే లేదు.

తేదీ తర్వాత చోటు. ఇక్కడే మురళీధర్ కేసు పనికొస్తుంది. గజం రూపాయి చొప్పున కాన్వాసు గుడ్డ ఒప్పందం. కాన్పూర్‌లో రైలుకెక్కించి, కలకత్తాకు బుక్ చేసిన రైల్వే రసీదును 1947 ఆగస్టు 5న కొనేవాడికి ఇవ్వాలి. కాన్పూర్ నుంచి కలకత్తాకు రవాణా ఖర్చు కొనేవాడిదే. బుకింగు మూసేశారని చెప్పి ఆగస్టు 8న అమ్మేవాడు ఒప్పందం రద్దు చేశాడు. కొనేవాడు దావా వేసి కలకత్తా రేటు చూపించాడు. ఆ సరుకు కలకత్తాలో అమ్ముకోవడానికే కదా అన్నాడు. సుప్రీంకోర్టు ఏమందంటే, సరుకు అప్పగించాల్సిన చోటు కాన్పూర్, కాబట్టి కాన్పూర్ రేటు నిరూపించాలి. సరుకు కలకత్తాకు వెళ్తోందని తెలిసినంత మాత్రాన, అక్కడ తిరిగి అమ్మడం కోసమే కొంటున్నాడని అమ్మేవాడికి తెలిసినట్టు కాదు. కాన్పూర్ రేటుకు సాక్ష్యం లేదు. ఉల్లంఘన రుజువైంది, పరిహారం మాత్రం సున్నా.

అంటే మన మిల్లు యజమాని చెన్నైలో తేజ 19,500 పలికిందని ఎన్ని ఇన్‌వాయిసులు పెట్టినా లాభం లేదు. అతనికి కావాల్సింది ఫిబ్రవరి 10న గుంటూరు యార్డు రేటు. అది కూడా తేజ రకానిది. యార్డు రోజువారీ ధరల్లో కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని మూడు అంకెలు కనిపిస్తాయి. వాటిలో గరిష్ఠాన్ని పట్టుకుని లెక్క వేస్తే, నీ సరుకు అంత మేలురకమని రుజువేదని అవతలి లాయరు అడుగుతాడు. ఒప్పందంలో తేమ శాతం, రంగు, తాలు లాంటి వివరాలు రాసుకోని చోట ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం.

తేదీ విషయంలో మనవాళ్లు తరచూ ఇరుక్కునే గుంట ఇంకొకటి ఉంది. ఫిబ్రవరి 10న వ్యాపారి 'అన్నా, ఇంకో వారం టైమివ్వండి, పక్కాగా పంపిస్తా' అన్నాడనుకోండి. మిల్లు యజమాని వాట్సాప్‌లో 'సరే తమ్ముడూ, 17 లోపు పంపు' అని రాస్తే, సెక్షన్ 63 కింద గడువు పొడిగించినట్టవుతుంది. అప్పుడు ఉల్లంఘన తేదీ 17కు జరుగుతుంది, లెక్కకు ఆ రోజు రేటు వస్తుంది. ధర పెరుగుతుంటే ఇది అతనికి మేలే. పడుతుంటే అంత మేరకు పరిహారం కరిగిపోతుంది. అలా కాకుండా ఏ జవాబూ ఇవ్వకుండా ఊరికే ఎదురుచూస్తే తేదీ 10 దగ్గరే నిలిచిపోతుంది. ఒక్క మెసేజికి ఇంత తేడా!

ఇంతవరకు నాకు ఈ సూత్రంతో పేచీ లేదు. వ్యాపారానికి ఖచ్చితమైన తేదీ కావాలి. లేకపోతే నష్టపోయినవాడు అవతలివాడి ఖర్చుతో మార్కెట్ ఆట ఆడతాడు. నా పేచీ దాని వెనకున్న ఊహతో. ఆ రోజే మార్కెట్‌కు వెళ్లి కొనుక్కోవచ్చు అంటున్నాం. దేంతో కొంటాడు?

లెక్క చూడండి. ఫిబ్రవరి 10న 100 క్వింటాళ్లు కొనాలంటే పదిహేడున్నర లక్షలు కావాలి. అతని దగ్గర సిద్ధంగా ఉన్నది పదమూడున్నర. ఇంకా 4 లక్షలు తక్కువ. ఈ 4 లక్షల్లో రెండున్నర ధర పెరగడం వల్ల వచ్చింది. మిగతా లక్షన్నర అడ్వాన్సు, అది ఒప్పందం తప్పిన వ్యాపారి దగ్గరే ఇరుక్కుంది. నష్టం తగ్గించుకోవాల్సిన డబ్బులో కొంత భాగం నష్టం కలిగించినవాడి గల్లాపెట్టెలోనే ఉందన్నమాట. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు పరిమితి అప్పటికే వాడేశాడనుకుందాం. పెద్ద కంపెనీ అయితే ఫోను మీద ఈ 4 లక్షలు సర్దుకుంటుంది. ఇతనికి కుదరదు. పరిహారం కొలత మాత్రం ఇద్దరికీ ఒకటే.

అతనికి ఒక దారి అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి, మూడు నెలలు వాడుకుంటే వడ్డీ 24,000. నష్టం తగ్గించుకోవడానికి సహేతుకంగా పెట్టిన ఖర్చును కూడా అడగవచ్చన్నది కామన్ లాలో స్థిరపడ్డ మాట. కాబట్టి రెండున్నర లక్షలతో పాటు ఈ 24,000 కూడా దావాలో అడగాలి. చాలామంది దీన్ని అడగనే అడగరు. ఆ అప్పు ఈ సరుకు కోసమేనని చూపడానికి అదే రోజు రాసిన ప్రోనోటు, అదే రోజు యార్డు బిల్లు పక్కపక్కన ఉంటే చాలావరకు సరిపోతుంది.

అప్పూ పుట్టకపోతే? ఇక్కడ వివరణలోని మాటలు మళ్లీ చదవాలి. ఇబ్బందిని సరిచేసుకోవడానికి 'ఉన్న మార్గాలు' అంది చట్టం. మార్కెట్లో సరుకు ఉండటం ఒక మార్గం కావచ్చు. కానీ దాన్ని అందుకునే స్తోమత నష్టపోయినవాడికి లేనప్పుడు ఆ మార్గం అతనికి ఉన్నట్టేనా? నా వాదన లేనట్టే అని. దీనికి ఊతం సెక్షన్ 73 కింది ఉదాహరణల్లోనే ఉంది. ఒకడు టన్ను 100 రూపాయలకు 1,000 టన్నుల ఇనుము అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం తీర్చడానికేనని చెప్పి ఇంకొకడి దగ్గర టన్ను 80కి అదే ఇనుము కొనడానికి ఒప్పందం చేసుకున్నాడు. ఆ రెండోవాడు మాట తప్పాడు. మొదటివాడికి వేరే ఇనుము దొరకలేదు, పై ఒప్పందం రద్దయింది. పరిహారం 20,000 రూపాయలు, అంటే పోయిన లాభం మొత్తం. 'వేరే ఇనుము దొరకలేదు' అన్న ఆ చిన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు. బదులు సరుకు అందే దారి లేకపోతే మార్కెట్ కొలత పక్కకు జరిగి, అసలు నష్టం కొలతగా వస్తుంది. దారి లేకపోవడానికి కారణం సరుకు లేకపోవడమా, డబ్బు లేకపోవడమా అన్న తేడా ఆ మాటల్లో లేదు.

అలాగని మొత్తం 6 లక్షలూ ఇవ్వాలని నేను అనను. అతని దగ్గర పదమూడున్నర లక్షలు ఉన్నాయి. 17,500 చొప్పున ఆ రోజే 77 క్వింటాళ్లు కొనగలడు. ఆ మేరకు మార్గం ఉంది. 77 క్వింటాళ్లకు క్వింటాలుకు 2,500 చొప్పున 1,92,500. మిగిలిన 23 క్వింటాళ్లకు మార్గం లేదు. డబ్బు సర్దుబాటైన వెంటనే కొన్నాడు, అది మార్చి 3న కుదిరింది అని రుజువైతే వాటికి క్వింటాలుకు 6,000 చొప్పున 1,38,000. మొత్తం 3,30,500. ఈ అంకె రెండున్నర లక్షల కన్నా న్యాయంగా ఉంది. ఆరు లక్షల కన్నా కూడా.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. నష్టపోయినవాడి పేదరికం ఉల్లంఘన ఫలితం కాదు, అది అంతకుముందే ఉన్న అతని పరిస్థితి, కాబట్టి దానివల్ల పెరిగిన నష్టం దూరపు నష్టమే అంటారు. ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ 1933లో లీస్‌బాష్ కేసులో ఇంచుమించు ఇదే అంది. పట్రాస్ రేవులో ఎడిసన్ అనే ఓడ కారణంగా లీస్‌బాష్ అనే పూడిక తీసే ఓడ మునిగిపోయింది. యజమానుల దగ్గర వెంటనే ఇంకొకటి కొనే డబ్బు లేదు. అందుకే ఎక్కువ ఖర్చుతో అద్దెకు తెచ్చుకున్నారు. ఆ అదనపు ఖర్చు వాళ్ల డబ్బు కొరత వల్ల వచ్చింది కాబట్టి ఇవ్వం అన్నారు. ఆ మాట చాలా ఏళ్లు నిలబడింది. 2003లో లాగ్డెన్ వర్సెస్ ఓ'కానర్ కేసులో అదే హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని వదిలేసింది. కారు పాడైన ఒకాయన దగ్గర అద్దె కారుకు ముందుగా కట్టే డబ్బు లేదు. అరువు మీద ఖరీదైన అద్దె కారు తీసుకున్నాడు. అతనికి ఉన్న దారి అదొక్కటే కాబట్టి ఆ ఖర్చు ఇప్పించారు. రెండూ కాంట్రాక్టు కేసులు కావు, టార్టు కేసులు. అయినా ఒక విషయం గమనించాలి. ఇంగ్లండు జడ్జిలు చాలా దూరం తిరిగి 2003లో చేరిన చోటుకు దగ్గరగా తీసుకెళ్లే మాటలు మన చట్టంలో 1872 నుంచే ఉన్నాయి.

రెండో అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. ధర పెరిగిన ప్రతి కొనుగోలుదారూ 'నా దగ్గర డబ్బు లేదు' అంటాడు కదా? అంటాడు. అందుకే రుజువు భారం అతని మీదే ఉంచాలి. ఆ రోజు నాటి బ్యాంకు స్టేట్‌మెంటు, ఓవర్‌డ్రాఫ్టు నిల్వ, అడ్వాన్సు వెనక్కి ఇవ్వమని అదే రోజు పంపిన నోటీసు ఉండాలి. అడ్వాన్సు అడగకుండా మూడు వారాలు ఊరుకున్నవాడు డబ్బు లేక ఆగాడంటే నేనైతే నమ్మను. పైగా, వ్యాపారికి ఈ పరిస్థితి తెలిసేలా నోటీసు వెళ్తే, అతను కనీసం అడ్వాన్సైనా తిరిగిచ్చి తన మీద పడబోయే భారాన్ని తగ్గించుకోగలడు.

ఇదే లెక్కలో ఒక చేదు ముక్క ఉంది. ఫిబ్రవరి 10న వ్యాపారి 'సరుకు ఉంది, కానీ 16,500 అయితే ఇస్తా' అంటే ఏం చేయాలి? మాట తప్పినవాడి దగ్గరే మళ్లీ కొనాలా? ఒంటికి పడదు. 1919లో ఇంగ్లండులో పేజూ వర్సెస్ సాండర్స్ కేసులో, అరువు ఇవ్వనని ఒప్పందం తప్పిన అమ్మకందారు నగదు ఇస్తే అదే ధరకు ఇస్తానన్నాడు. కొనేవాళ్లు వద్దన్నారు. ఆ తర్వాత ధర పెరిగింది. నగదు ఆఫరు తీసుకుని ఉంటే పెరిగిన ధర నష్టం తప్పేది కాబట్టి ఆ నష్టం ఇవ్వం అన్నారు. వ్యాపార ఒప్పందాల్లో మాట తప్పినవాడి ఆఫరును కూడా పరిశీలించాలని అర్థం. మన కోర్టులకు ఇది కట్టుబడాల్సిన తీర్పు కాదు గానీ, ఇదే వాదన ఇక్కడా వస్తుంది. నా దృష్టిలో మిల్లు యజమాని 16,500కు తీసుకోవడమే మంచిది. కాకపోతే 'పాత ఒప్పందం కింద నా హక్కులు వదులుకోవడం లేదు' అని రాసి తీసుకోవాలి. అది రాయకపోతే, పాత ఒప్పందాన్ని ఇద్దరం కలిసి మార్చుకున్నామని వ్యాపారి అంటాడు. రాస్తే క్వింటాలుకు 1,500 చొప్పున లక్షన్నర అడగవచ్చు.

ఇక 2018 సవరణ. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని సెక్షన్ 20ని మార్చి, ఒప్పందం తప్పినప్పుడు పనిని మూడో వ్యక్తితోనో స్వయంగానో చేయించుకుని, అయిన ఖర్చును తప్పినవాడి నుంచి రాబట్టుకునే హక్కు ఇచ్చారు. కోచింగ్ మెటీరియల్‌లో దీన్ని నష్టం తగ్గించుకోవడానికి చట్టం ఇచ్చిన కొత్త సాధనంగా రాస్తున్నారు. సగమే నిజం. ఆ దారిలో వెళ్లాలంటే ముందు కనీసం 30 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆగిపోయిన భవన నిర్మాణానికో, మధ్యలో వదిలేసిన యంత్రాల బిగింపుకో 30 రోజులు సబబే. అక్కడ రోజువారీ మార్కెట్ రేటు ఉండదు. బదులు కాంట్రాక్టరుకు నిజంగా ఎంత చెల్లించారన్నదే మంచి కొలత. కానీ మిర్చి యార్డులో 30 రోజులంటే ఒక యుగం. ఒక సెక్షన్ ఉల్లంఘన రోజునే మార్కెట్‌కు వెళ్లు అంటుంది, ఇంకొకటి నెల ఆగు అంటుంది. నోటీసు ఇచ్చి నెల తర్వాత 21,000కు కొంటే ఆ తేడా మొత్తం సెక్షన్ 20 కింద వస్తుందా, లేక సెక్షన్ 73 లెక్క దగ్గరే ఆపుతారా అన్నది వాదనకు మిగిలే ప్రశ్న.

సవరించిన సెక్షన్ 20 అక్కడితో ఆగలేదు. ఖర్చు రాబట్టుకోవడంతో పాటు పరిహారం కూడా అడగవచ్చని చెప్పింది. కాబట్టి మిర్చి లాంటి సరుకులో చిన్న కొనుగోలుదారు సెక్షన్ 20ని నమ్ముకుని నెల ఆగకూడదన్నది నా అభిప్రాయం. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చినంత సరుకు ఆ రోజే గుంటూరులోనే కొని బిల్లు తీసుకోవాలి. మిగతాది ఎందుకు కొనలేకపోయాడో అదే రోజు నోటీసులో అంకెలతో రాసి, అడ్వాన్సు వెనక్కి అడగాలి. 77 క్వింటాళ్ల బిల్లు, 23 క్వింటాళ్ల లోటు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ తేదీన యార్డు ధరల ప్రింటు దావాకు జతచేస్తే, 'ఉన్న మార్గాలు' అన్న మాటకు అర్థం ఏమిటో కోర్టు చెప్పక తప్పదు.